ఫిషర్ ఎస్టరిఫికేషన్: ప్రోటాన్ పక్క OH మీదికి నేరుగా దూకితే తప్పేంటి?

లావణ్య_ఎమ్మెస్సీ
అందరికీ నమస్కారం. ఇంటర్నల్ పరీక్షలో ఐసోఅమైల్ ఎసిటేట్ తయారీకి మెకానిజం రాయమన్నారు. నేను ఇలా వేశాను: ఎసిటిక్ యాసిడ్ కార్బొనిల్ ఆక్సిజన్ మీదికి ప్రోటాన్ ఎక్కింది, ఆల్కహాల్ వచ్చి ఆ కార్బన్‌ని పట్టుకుంది, ఆల్కహాల్ ఆక్సిజన్ మీదున్న H పక్కనే ఉన్న OH మీదికి దూకింది, నీళ్లు పోయాయి, చివరి ప్రోటాన్ కూడా పోయింది. దిద్దినవాళ్లు మూడో బాణాన్ని ఎర్రసిరాతో కొట్టేసి పక్కన "ఎలా?" అని ఒక్క మాట రాసి మార్కులు కోసేశారు. H అదే, చివరికి చేరేదీ అక్కడికే. మధ్యలో ఏ దారిన వెళితే ఏంటి?

ఇంకో సంగతి. అదే ప్రయోగం ల్యాబ్‌లో చేస్తే నాకు 7.2 గ్రాములు వచ్చింది. లెక్క ప్రకారం 13 గ్రాములు రావాలి. రికార్డులో "రివర్సిబుల్ రియాక్షన్ కాబట్టి ఈల్డ్ తక్కువ" అని రాసేశాను. వైవాలో అడుగుతారేమోనని టెన్షన్. ఆ కారణం నిలబడుతుందా?

రాజు_కెమ్
దూకినట్టు వేసినా తప్పు లేదక్కా, మా కాలేజీలో బాణం మీద ~H+ అని రాస్తే ఫుల్ మార్కులే. అసలు పాయింట్ ఏంటంటే OH మామూలుగా ఊడదు, దానిమీద ప్రోటాన్ ఎక్కి నీళ్లుగా మారితేనే ఊడుతుంది. అది చూపించారు కదా, చాలు. ఇక ఈల్డ్ సంగతి. సల్ఫ్యూరిక్ యాసిడ్ పుట్టిన నీళ్లన్నీ పీల్చేస్తుంది, అందుకే రియాక్షన్ ముందుకు నడుస్తుంది. మీరు యాసిడ్ తక్కువ వేసుంటారు.

మాస్టారు_రిటైర్డ్
రాజు చెప్పినదాంట్లో మొదటి సగం సరైనదే. OH నీళ్లుగా మారాకే పోతుంది. రెండో సగం దగ్గరికి తర్వాత వస్తాను. ముందు లావణ్య అడిగిన "ఏ దారిన వెళితే ఏంటి" చూద్దాం.

అమ్మా, నువ్వు దూకించిన చోట బొమ్మ కొంచెం పెద్దదిగా వేసి చూడు. మధ్యలో ఒక కార్బన్. దానికి CH3, రెండు OH, ఇంకా ప్లస్ చార్జ్ మోస్తున్న ఐసోఅమైల్ ఆక్సిజన్. ఆ ఆక్సిజన్ మీది H నేరుగా పక్క OH దగ్గరికి వెళ్లాలంటే O, C, O, H నాలుగూ కలిసి చిన్న చతురస్రంలాంటి వలయం కట్టాలి. ప్రోటాన్ ఒక ఆక్సిజన్ నుంచి మరో ఆక్సిజన్‌కి మారేటప్పుడు ఆ మూడూ దాదాపు ఒకే గీత మీద ఉండాలని కోరుకుంటుంది. నాలుగు మూలల వలయంలో అది బాగా వంగిపోతుంది, అందుకు చాలా శక్తి కావాలి. మరి నీ ఫ్లాస్కులో ఆ అణువు ఒంటరిగా ఉందా? చుట్టూ ఆల్కహాల్, ఎసిటిక్ యాసిడ్, కొద్దికొద్దిగా పుడుతున్న నీళ్లు కిక్కిరిసి ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి ఆ H ని అవలీలగా తీసుకుంటుంది. ఇంకొకటెవరో పక్క OH కి మరో H ని ఇస్తారు. ఇచ్చిన H, తీసుకున్న H ఒకటే కానక్కర్లేదు.

కాబట్టి నీ మూడో బాణం నిజానికి రెండు స్టెప్పులు. మొత్తం ఆరు. R అంటే ఐసోఅమైల్. ప్రోటాన్‌ని మోసే పని ఎవరు చేసినా నేను ROH అనే రాస్తున్నాను, ఆ చోట నీళ్లు ఉన్నా ఎసిటిక్ యాసిడ్ ఉన్నా పరవాలేదు.

```
1. CH3-C(=O)-OH + ROH2+       <=>  CH3-C(=OH+)-OH + ROH
2. CH3-C(=OH+)-OH + ROH       <=>  CH3-C(OH)2-O(H)R+
3. CH3-C(OH)2-O(H)R+ + ROH    <=>  CH3-C(OH)2-OR + ROH2+
4. CH3-C(OH)2-OR + ROH2+      <=>  CH3-C(OH)(OH2+)-OR + ROH
5. CH3-C(OH)(OH2+)-OR         <=>  CH3-C(=OH+)-OR + H2O
6. CH3-C(=OH+)-OR + ROH       <=>  CH3-C(=O)-OR + ROH2+
```

1, 4 స్టెప్పుల్లో ఖర్చయిన ROH2+ మళ్లీ 3, 6 స్టెప్పుల్లో తిరిగొచ్చింది చూశావా? జమా ఖర్చు సరిపోయింది కాబట్టే దాన్ని క్యాటలిస్ట్ అంటున్నాం. నువ్వు వేసిన దూకుడు బాణంలో ఈ లెక్క కనిపించదు. దిద్దినవాళ్లు "ఎలా?" అన్నది దీని గురించే అనుకుంటాను.

ఇంకోటి గమనించు. 3 తర్వాత వచ్చిన అణువులో చార్జ్ లేదు, ఆక్సిజన్లు మాత్రం మూడున్నాయి. ప్రోటాన్ OR మీద ఎక్కితే ఆల్కహాల్ ఊడిపోయి మొదటికొస్తుంది. రెండు OH లలో దేనిమీద ఎక్కినా నీళ్లు ఊడి ఎస్టర్ వైపు సాగుతుంది. ముందుకు పోవాలా వెనక్కి పోవాలా అన్నది అక్కడ తేలుతుంది. రెండువైపులా ఉన్న సరుకుల శక్తిలో తేడా పెద్దగా లేదు కాబట్టే ఈ రియాక్షన్ ఎటూ ఒకవైపు పూర్తికాక మధ్యలో ఆగుతుంది.

లావణ్య_ఎమ్మెస్సీ
థాంక్స్ మాస్టారూ, ఇప్పుడు అర్థమైంది. ఒక సందేహం మిగిలింది. మొదటి స్టెప్పులో ప్రోటాన్ C=O ఆక్సిజన్ మీదే ఎందుకు? నేరుగా యాసిడ్ OH మీద ఎక్కితే అక్కడే నీళ్లుగా ఊడిపోవచ్చు కదా, ఇంత తిరుగుడు అక్కర్లేదు.

మాస్టారు_రిటైర్డ్
OH మీద కూడా ఎక్కుతుంది, ఎక్కకుండా ఎవరూ ఆపరు. కానీ C=O మీద ఎక్కితే ప్లస్ చార్జ్‌ని రెండు ఆక్సిజన్లూ సమానంగా పంచుకుంటాయి. OH మీద ఎక్కితే ఆ పంపకం లేదు, పైగా ఉన్న రెజొనెన్స్ కూడా పోతుంది. కాబట్టి ఆ రూపం చాలా చాలా తక్కువ.

ఆ మాటకొస్తే C=O మీద ఎక్కిన రూపం కూడా తక్కువే. దాని pKa దాదాపు -6, ROH2+ ది దాదాపు -2. అంటే స్టెప్ 1 బాణం గట్టిగా ఎడమవైపే మొగ్గుతుంది. పదివేలలో ఒకటి అనుకో. ఆ ఒక్కటీ ఆల్కహాల్‌కి దొరికితే పని జరుగుతుంది. అందుకే బలమైన యాసిడ్ కావాలి, అందుకే గంట సేపు రిఫ్లక్స్ కావాలి.

ఐసోటోప్_చందు
లావణ్యగారు అడిగిన దానికి ప్రయోగంతో వచ్చిన జవాబే ఉంది. 1938లో రాబర్ట్స్, యూరీ ఇద్దరూ 18O ఎక్కువగా ఉన్న మెథనాల్‌ని బెంజోయిక్ యాసిడ్‌తో కలిపారు. ఆ బరువు ఆక్సిజన్ ఎస్టర్‌లోనే ఉండిపోయింది, పుట్టిన నీళ్లలోకి రాలేదు. అంటే ఊడేది యాసిడ్ వైపు C-O బంధం, ఆల్కహాల్ వైపుది కాదు. ఫిషర్, స్పైయర్ ఈ పద్ధతి ప్రచురించింది 1895లో. ఏ బంధం తెగుతుందో ఇలా ఖాయమయ్యేసరికి నలభై ఏళ్లు దాటింది.

కానీ ఈ ప్రయోగం ఒక్కటే మధ్యలో నాలుగు చేతుల కార్బన్ ఉందని చెప్పదు. ఏ బంధం తెగిందో చెబుతుంది, అంతే. మధ్యలో అలాంటిది ఏర్పడుతుందన్న గట్టి ఆధారం 1951లో బెండర్ చేసిన పనిలో ఉంది. ఎస్టర్ కార్బొనిల్‌లో 18O పెట్టి హైడ్రాలిసిస్ మొదలుపెట్టి మధ్యలో ఆపి, ఇంకా విడిపోని ఎస్టర్‌ని వెనక్కి తీసి చూస్తే అందులో 18O తగ్గింది. నీళ్లు వచ్చి చేరి, ఆక్సిజన్ మార్చుకుని, మళ్లీ వెళ్లిపోయాయన్నమాట.

ఇక మాస్టారితో ఒకచోట విభేదిస్తాను. 3, 4 వేర్వేరు స్టెప్పులని పరీక్షలో రాయడం సరే. ఫ్లాస్కులో మాత్రం ఒక ఆల్కహాల్ అణువు ఒక చేత్తో H తీసుకుంటూ అదే సమయంలో ఇంకో చేత్తో తన H ని పక్క OH కి ఇవ్వొచ్చు. ఆ దారిలో చార్జ్ లేని మధ్య రూపం విడిగా నిలబడదు. అప్పుడు అది ఒకే స్టెప్.

మాస్టారు_రిటైర్డ్
చందూ, నువ్వన్న దారి ఉండొచ్చు, కాదనను. వలయం పెద్దదైంది కాబట్టి వంపు ఇబ్బంది కూడా తగ్గుతుంది. కానీ అక్కడ కూడా మధ్యలో ఇంకో అణువు ఉంది కదా. తనలో తానే దూకడం మాత్రం కాదు. ఎంత భాగం అలా వెళ్తుంది, ఎంత భాగం విడిగా ఆగి వెళ్తుంది అన్నది ఈ మిశ్రమానికి నేను ఖచ్చితంగా చెప్పలేను, నువ్వూ చెప్పలేవనుకుంటాను.

ఐసోటోప్_చందు
చెప్పలేను. కానీ "రెండు స్టెప్పులే" అని పట్టుబట్టడం కూడా కుదరదంటున్నాను.

జీడిమెట్ల_శ్రీను
మెకానిజం మాస్టారికి వదిలేస్తా. ఈల్డ్ గురించి నేను చెప్తా, ప్లాంటులో పొద్దస్తమానం ఇదే పని. లావణ్యా, ఏమేం ఎంతెంత వేశావు? రిఫ్లక్స్ ఎంతసేపు? వాషింగ్ ఎలా చేశావు? డిస్టిలేషన్‌లో ముందుగా వచ్చింది ఎలా ఉంది?

లావణ్య_ఎమ్మెస్సీ
ఐసోఅమైల్ ఆల్కహాల్ 8.8 గ్రాములు, ఎసిటిక్ యాసిడ్ 18 గ్రాములు, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ 1 మి.లీ. గంట సేపు రిఫ్లక్స్. చల్లార్చి నీళ్లతో ఒకసారి, తర్వాత 5 శాతం సోడియం బైకార్బొనేట్‌తో కడిగాను. సెపరేటింగ్ ఫన్నెల్‌లో బుస్సుమని పొంగి మూత ఎగిరింది, కొంచెం ఒలికింది. తర్వాత ఉప్పు నీళ్లు. సోడియం సల్ఫేట్ ఒక స్పాచులా వేసి వెంటనే వంచేసి డిస్టిల్ చేశాను. మొదట 95 దగ్గర్నుంచే తెల్లగా మబ్బుగా వచ్చింది, అది పారబోయకుండా పక్కన పెట్టాను. 136 నుంచి 142 మధ్య వచ్చింది 7.2 గ్రాములు.

జీడిమెట్ల_శ్రీను
జవాబు నీ పోస్టులోనే ఉంది. కానీ ముందు ఈక్విలిబ్రియం లెక్క చూద్దాం, ఎందుకంటే నీ రికార్డులో నేరమంతా దాని నెత్తిన వేశావు.

ఎసిటిక్ యాసిడ్‌తో మామూలు ప్రైమరీ ఆల్కహాల్‌కి K సుమారు 4. రెండూ సమానంగా వేస్తే x/(1-x) = 2, అంటే మూడింట రెండు వంతులు ఎస్టర్, అక్కడ ఆగుతుంది. బెర్తెలో, పెయాన్ ద సాంజిల్ 1862లో ఇథనాల్‌తో చూసింది ఈ మూడింట రెండు వంతులే. ఎంత ఉడకబెట్టినా అంతకు మించదు. నువ్వు మాత్రం ఆల్కహాల్ 0.1 మోల్, ఎసిటిక్ యాసిడ్ 0.3 మోల్ వేశావు. అప్పుడు:

```
x*x / ((1-x)(3-x)) = 4
3x^2 - 16x + 12 = 0
x = 0.90
```

13 గ్రాములకి 90 శాతం అంటే 11.7 గ్రాములు. రివర్సిబుల్ కావడం వల్ల నీకు పోయింది 1.3 గ్రాములే. మిగతా నాలుగున్నర గ్రాములు ఫ్లాస్కులో కాదు, ఆ తర్వాత పోయాయి. వైవాలో "ఈక్విలిబ్రియం" అంటే ఎక్స్‌టర్నల్ ఈ లెక్కే వేయమంటాడు.

ఎక్కడ పోయిందో చెప్తా. ఒలికినదాంట్లో కొంత. ఎసిటిక్ యాసిడ్ చాలా మిగిలి ఉన్నప్పుడు నీళ్లతో ఒక్కసారే కడిగి బైకార్బొనేట్‌కి వెళ్లకూడదు. ముందు చల్లటి నీళ్లతో రెండు మూడుసార్లు కడిగితే యాసిడ్‌లో ఎక్కువ భాగం వాటితోనే పోతుంది. తర్వాత బైకార్బొనేట్ కొంచెం కొంచెం వేసి, మూత పెట్టకుండా తిప్పి, బుస ఆగాకే మూత పెట్టి కుదపాలి. పెద్ద నష్టం మాత్రం ఆ మబ్బు నీరులో ఉంది. ఐసోఅమైల్ ఎసిటేట్ మరిగేది 142 దగ్గర. నీళ్లుంటే ఆ రెండూ కలిసి 100 లోపే వచ్చేస్తాయి. నీ ఎస్టర్ తడిగానే డిస్టిలేషన్‌కి ఎక్కింది కాబట్టి ఆ నీళ్లు పోయేదాకా ఎస్టర్‌ని కూడా లాక్కుపోయాయి. సోడియం సల్ఫేట్ నెమ్మదిగా పీల్చే రకం. వేసిన పొడి అడుగున ముద్ద కట్టకుండా కొంత విడివిడిగా ఇసుకలా కదిలేదాకా వేసి, పది పదిహేను నిమిషాలు ఆగి, ద్రవం తేటగా మారాక వంచాలి.

రాజు_కెమ్
అన్నా, మరి సల్ఫ్యూరిక్ యాసిడ్ నీళ్లు పీల్చదా? డీహైడ్రేటింగ్ ఏజెంట్ అని ఇంటర్ నుంచీ చదువుతున్నాం.

జీడిమెట్ల_శ్రీను
పీలుస్తుంది రాజూ, కానీ ఎంత? 1 మి.లీ. అంటే 1.8 గ్రాములు, 0.018 మోల్. ఇక్కడ పుట్టే నీళ్లు 0.09 మోల్. ఒక్కో యాసిడ్ అణువు ఐదు నీటి అణువుల్ని గట్టిగా పట్టుకుని కూర్చోదు. చారెడు క్యాటలిస్ట్‌తో ఈక్విలిబ్రియం కొద్దిగా జరిగితే జరగొచ్చు, 66 నుంచి 90కి తెచ్చింది మాత్రం మూడింతల ఎసిటిక్ యాసిడే. ఇంకా యాసిడ్ గుమ్మరిస్తే ఆల్కహాల్ నల్లబడుతుంది, ఈథర్, ఆల్కీన్ కూడా పుడతాయి. పైగా నీళ్లు పోగయ్యే కొద్దీ ప్రోటాన్ వాటి దగ్గరే ఉండిపోతుంది, స్టెప్ 1 ఇంకా నీరసపడుతుంది. అంటే నీళ్లు రెండు రకాలుగా దెబ్బ కొడతాయి, రియాక్షన్‌ని వెనక్కీ లాగుతాయి, వేగాన్నీ తగ్గిస్తాయి.

రాజు_కెమ్
సరే, కానీ యాసిడ్ ఎక్కువ వేసే పాత పద్ధతులు కూడా ఉన్నాయి కదా. పూర్తిగా తప్పని ఒప్పుకోను.

జీడిమెట్ల_శ్రీను
ఉన్నాయి, ఎక్కువ వేస్తే ఆ ప్రభావం కూడా ఎక్కువే. నేను మాట్లాడేది ఈ 1 మి.లీ. గురించి.

లావణ్య_ఎమ్మెస్సీ
శ్రీను అన్నా, ఎక్కువ వేసేది ఎసిటిక్ యాసిడే ఎందుకు? ఆల్కహాల్ మూడింతలు వేసినా x అంతే వస్తుంది కదా?

జీడిమెట్ల_శ్రీను
లెక్కలో తేడా లేదు, తీసేయడంలో తేడా ఉంది. మిగిలిన ఎసిటిక్ యాసిడ్ నీళ్లతో, బైకార్బొనేట్‌తో పోతుంది. మిగిలిన ఐసోఅమైల్ ఆల్కహాల్ నీళ్లలో పెద్దగా కరగదు, మరిగేది 131 దగ్గర. మామూలు డిస్టిలేషన్‌లో 142 దగ్గరి ఎస్టర్ నుంచి దాన్ని విడదీయలేవు. అదే మిథైల్ బెంజోయేట్ చేస్తుంటే తిరగేస్తాం. మెథనాల్ చవక, 65కే ఎగిరిపోతుంది, కాబట్టి అదే ద్రావకంలా పోసేస్తాం. పదింతలు వేస్తే, K నాలుగే అనుకుంటే, 97 దాటుతుంది.

రెండు సరుకులూ ఖరీదైనవైతే ఎక్కువ వేయలేం, నీళ్లు తీసేయాలి. టోలీన్ పోసి, పారా టోలీన్ సల్ఫానిక్ యాసిడ్ వేసి, డీన్ స్టార్క్ పెట్టి మరిగిస్తాం. టోలీన్, నీళ్లు కలిసి 85 దగ్గర ఎక్కి, కిందికి దిగి, గొట్టంలో నీళ్లు అడుగున చేరతాయి. 0.1 మోల్‌కి 1.8 మి.లీ. నీళ్లు రావాలి. ఆ గీత దగ్గర అరగంట కదలకుండా ఉంటే అయిపోయినట్టు. గీత దాటి పోతోందంటే సంతోషించకు. ఎసిటిక్ యాసిడ్ కూడా ఎక్కి ఆ నీళ్లలో కరుగుతోందని అర్థం, లేదా సరుకు తడిగా ఉందని. మెథనాల్, ఇథనాల్‌తో ఈ ఏర్పాటు సరిగా పనిచేయదు, అవి నీళ్లలోనే కలిసిపోయి గొట్టంలో కూర్చుంటాయి.

కానుగ_నూనె
నమస్కారం. ఎస్టర్ అన్నారని వచ్చాను. మాది కానుగ గింజల నుంచి బయోడీజిల్ చేసే చిన్న యూనిట్. నూనెలో కాస్టిక్, మెథనాల్ వేస్తే అంతా సబ్బు గడ్డ కడుతోంది. యాసిడ్ వాల్యూ 20 ఉంది. ఎవరో ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో చేయమంటే చేశాను, 7 దగ్గర ఆగిపోయింది. ఇంకో రెండు గంటలు కాచినా కదలడం లేదు. మీ పరీక్ష గొడవ నాకు తెలియదు గానీ దీనికేమైనా చెప్పగలరా?

జీడిమెట్ల_శ్రీను
అన్నా, మీదీ ఈ గొడవే. నూనెలో విడిగా ఉన్న ఫ్యాటీ యాసిడ్ మెథనాల్‌తో ఎస్టర్ అవుతోంది, నీళ్లు పుడుతున్నాయి, ఆ నీళ్ల వల్లే 7 దగ్గర నిలిచింది. కాచే టైమ్ పెంచి లాభం లేదు. కలపడం ఆపి నిలవనివ్వండి. పైకి తేలే మెథనాల్ పొరలోనే నీళ్లు, యాసిడ్ చాలావరకు ఉంటాయి. అది తీసేసి, కొత్త మెథనాల్, కొత్త యాసిడ్ వేసి రెండోసారి చేయండి. మొత్తం మెథనాల్ ఒకేసారి పోసేకన్నా రెండు విడతలుగా పోస్తే బాగా దిగుతుంది. మొదలుపెట్టే ముందు నూనెని 110 దాకా వేడిచేసి తేమ పోగొట్టండి. మెథనాల్ చల్లారాకే పోయాలి, మంట దగ్గర వద్దు. యాసిడ్ వాల్యూ 4 లోపు దిగాక, అంటే విడి ఫ్యాటీ యాసిడ్ సుమారు 2 శాతం, అప్పుడు కాస్టిక్‌కి వెళ్లండి.

కానుగ_నూనె
పై పొర తీయలేదు సార్, అలాగే ఉంచి కాచాను. రేపు రెండు విడతలుగా చేసి చూస్తా. మాలిక్యులర్ సీవ్స్ వేస్తే నీళ్లు పీలుస్తాయని ఒకాయన అమ్మజూపుతున్నాడు, తీసుకోనా?

ఐసోటోప్_చందు
సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉన్నదాంట్లో నేరుగా వేయకండి, బలమైన యాసిడ్‌లో ఆ సీవ్స్ చెడిపోతాయి. వాడేవాళ్లు వాటిని విడిగా పైన పెట్టి, కిందికి దిగే ద్రవం వాటి మీదుగా పోయేలా చేస్తారు. మీ ట్యాంకుకి ఆ ఖర్చు దండగ.

లావణ్య_ఎమ్మెస్సీ
చివరిగా ఒకటి. మెయిన్ పరీక్షలో ఆరు స్టెప్పులూ వేయాలా, రాజు అన్నట్టు ~H+ పెట్టొచ్చా?

మాస్టారు_రిటైర్డ్
నేను దిద్దేటప్పుడు ~H+ కి మార్కులు ఇచ్చేవాణ్ణి, పక్కన "ఆల్కహాల్ ద్వారా" అని రాస్తే. ఇవ్వనివాళ్లూ ఉన్నారు. ఎవరు దిద్దుతారో తెలియదు కాబట్టి ఆరూ వెయ్యి. వేశాక ఎక్కడైనా మైనస్ చార్జ్ కనిపిస్తే ఆ స్టెప్ మళ్లీ చూడు. అంత యాసిడ్‌లో OH- గానీ RO- గానీ ఊడి తిరగదు.

జీడిమెట్ల_శ్రీను
లావణ్యా, ఆ పక్కన పెట్టిన మబ్బు ద్రవం ఇంకా ఉందా? ఉంటే ఫన్నెల్‌లో పోసి కింది నీళ్లు తీసేసి, పై పొరని సోడియం సల్ఫేట్‌తో తేటగా అయ్యేదాకా ఉంచి మళ్లీ డిస్టిల్ చెయ్యి. 136 పైన ఎంత వచ్చిందో ఇక్కడ రాయి.

లావణ్య_ఎమ్మెస్సీ
ఉందన్నా, సీసాలో మూతపెట్టి ఉంచాను. సోమవారం ల్యాబ్ ఉంది, చేసి చెప్తా.